టైపింగ్ కంటే ముందు కాగితాలు చదవాలి: ఊళ్లో ఆన్‌లైన్ సెంటర్ పెట్టిన నా అనుభవం

మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. బీకాం కంప్యూటర్స్ పూర్తి చేసి ఉద్యోగం కోసం చూస్తున్న రోజుల్లో ప్రజాపాలన దరఖాస్తులు వచ్చాయి. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ఊరూరా తీసుకున్నారు. మహాలక్ష్మి, రైతు భరోసా, గృహజ్యోతి, ఇందిరమ్మ ఇళ్లు, చేయూత అన్నీ ఒకటే ఫారంలో. ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు పెడితే చాలన్నారు గానీ, లోపల గ్యాస్ కనెక్షన్ నంబరు, కరెంటు మీటరు కనెక్షన్ నంబరు లాంటివి అడిగారు. పంచాయతీ ముందు టెంటు కింద కూర్చొని నేనూ కొంతమందికి ఫారాలు నింపాను. రాయడం పెద్ద పని కాదు. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు, కరెంటు బిల్లు ఎప్పుడో చనిపోయిన తాత పేరు మీద. ఇంటింటిదీ ఇదే కథ. "ఏది రాయమంటవ్ పెద్దమ్మా?" అని అడిగితే, "నాకేమెరుక బిడ్డా, నువ్వే జూసి రాయి" అనేవాళ్లు.

సెంటర్ పెట్టాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. మా ఇంటి ముందు గదిలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, ఇంక్ ట్యాంక్ ప్రింటర్, దానికే స్కానర్, ఒక లామినేషన్ మిషన్, కరెంటు పోతే నడవడానికి ఇన్వర్టర్. ఇంతే సరంజామా. నాది మీసేవ కాదు. ఈ సంగతి బోర్డు మీదే రాయించాను. మీసేవ నడపాలంటే ప్రభుత్వం ఇచ్చే లాగిన్ ఉండాలి, అది నాకు లేదు. నేను కాగితాలు సరిచూసి, ఫారం నింపి, స్కాన్ చేసి, ఒక వరుసలో పెట్టి ఇస్తాను. వాళ్లు మండలంలోని మీసేవకి పోయి కట్టుకుంటారు. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉండి, ఓటీపీ వచ్చే నంబరు ఉన్నవాళ్లకి వాళ్ల సొంత సిటిజన్ లాగిన్‌లో, వాళ్ల ఎదురుగానే దరఖాస్తు పెట్టడంలో సాయం చేస్తాను.

కంప్యూటర్ వచ్చిన ఎవరైనా ఈ పని చేయొచ్చు అనుకుంటారు. టైపింగ్ స్పీడు ఇందులో చివరి సంగతి. సైట్ తెరిచే ముందు కాగితాలన్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టి చదవడమే అసలు పని. ఏది ఎందులో తేడాగా ఉంది, ఏది ముందు సరిచేయాలి, దేన్ని అసలు ముట్టుకోకూడదు అన్నది తేలాకే కీబోర్డు మీద చెయ్యి పెట్టాలి. 2025 వేసవిలో వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెప్తే ఇది బాగా అర్థమవుతుంది.

ఆ అమ్మాయిని స్రవంతి అనుకుందాం. అసలు పేరు, ఇంటి పేరు రెండూ మార్చే చెప్తున్నాను. ఇంటర్ పాసైంది, డిగ్రీలో చేరాలి, తర్వాత ఈపాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి, స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టాలి. నాన్న వ్యవసాయ కూలీ, అమ్మ బీడీలు చుడుతుంది. తల్లీబిడ్డలు ఒక ప్లాస్టిక్ కవర్ నిండా కాగితాలు తెచ్చి, "స్కాలర్‌షిప్ ఫారం నింపు అక్కా" అన్నారు.

కవర్లోవన్నీ బయటికి తీసి ఒక తెల్లకాగితం మీద ఇలా రాసుకున్నాను:

```
పదో తరగతి మెమో : GADDAM SRAVANTHI   14/08/2007
ఆధార్          : Gaddam Sravanti    01/01/2006
బ్యాంకు పాస్‌బుక్ : G Sravanti
కులం సర్టిఫికెట్  : Gaddam Sravanthi   14/08/2007
```

చూడ్డానికి ఒక్క H తేడా. కానీ ఈపాస్‌లో ఆధార్ మీది పేరు, పదో తరగతి మెమో మీది పేరు కలవాలి. కలవకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. పుట్టిన తేదీ తేడా ఇంకా పెద్దది. ఆధార్‌లో 01/01 అని కనిపిస్తే నేను వెంటనే ఆగి చూస్తాను. చిన్నప్పుడు ఆధార్ తీయించినప్పుడు పుట్టిన తేదీకి రుజువు లేక, నోటితో చెప్పిన వయసు రాయించిన చాలామందికి జనవరి ఒకటే పడింది. మా ఊళ్లో అలాంటి ఆధార్ కార్డులు ఇంటికొకటైనా ఉంటాయి.

ఇక్కడ దేన్ని దేనికి సరిపోయేలా మార్చాలన్నది ముఖ్యమైన ప్రశ్న. "మెమోనే మార్పిద్దాం, ఆధార్ అంటే గవర్నమెంటుది గదా" అంది వాళ్లమ్మ. చాలామంది ఇలాగే అనుకుంటారు. కానీ మెమోని కదిలించకూడదు. దాని మీద ఇంటర్ మెమో వచ్చింది, రేపు డిగ్రీ వస్తుంది, ఉద్యోగానికీ పాస్‌పోర్టుకీ అదే ఆధారం. మెమోలో తప్పు దిద్దాలంటే హెడ్మాస్టర్ నుంచి మొదలై పరీక్షల బోర్డు దాకా ఫైలు నడవాలి. పైగా స్కూలు అడ్మిషన్ రిజిస్టర్లోనే వేరేగా ఉన్నట్టు చూపించగలగాలి. ఇక్కడ మెమో సరిగానే ఉంది, కులం సర్టిఫికెట్ కూడా దానితో కలుస్తోంది. కాబట్టి మెమోని మేకులా పట్టుకుని, ఆధార్‌ని దానికి తేవాలి.

ఆధార్‌లో మార్పులకీ లెక్క ఉంది. పేరు మామూలుగా రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. ఆ ఒక్క అవకాశం తప్పు కాగితంతో పోగొట్టుకుంటే తర్వాత ప్రాంతీయ కార్యాలయం దాకా తిరగాలి. అందుకే "ఇప్పుడు ఏదో ఒకటి మార్చుకొని రండి, మిగతాది తర్వాత చూద్దాం" అని ఎవరికీ చెప్పను. స్రవంతి ఆధార్‌కి ఉన్న ఫోన్ నంబరు వాళ్ల అన్నది. అతను దుబాయ్ పోయాక రీచార్జ్ లేక ఆ సిమ్ బందైంది. ఓటీపీ రాకపోతే డిగ్రీ అడ్మిషన్ల దోస్త్ రిజిస్ట్రేషన్‌కి కూడా ఇబ్బందే, ఎందుకంటే దానికీ ఆధార్‌తో లింకైన నంబరు కావాలి. కాబట్టి పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు మూడూ ఒకేసారి మార్పించుకోమన్నాను. ఒకేసారి అడిగితే ఒకే చార్జీ. అప్పట్లో 50 రూపాయలు, 2025 అక్టోబర్ 1 నుంచి 75 అయింది. ఫోన్ నంబరు మార్పుకి కాగితం ఏమీ అక్కర్లేదు, మనిషి పోయి వేలిముద్ర వేస్తే చాలు.

ఆధార్ సెంటర్‌కి పంపేటప్పుడు ఒక చీటీ రాసిచ్చాను. పేరు ఇంగ్లీషులో ఒక్కొక్క అక్షరం విడివిడిగా, కింద తెలుగులో కూడా. ఇంగ్లీషు టైప్ చేయగానే తెలుగు పేరు దానంతటదే వస్తుంది. అది చాలాసార్లు వంకరగా వస్తుంది, SRAVANTHI కాస్తా "స్రవంథి" అవుతుంది. ఆపరేటర్ సబ్మిట్ కొట్టే ముందు స్క్రీన్ చూపిస్తారు, అప్పుడే రెండు భాషల్లోనూ చదివి చూసుకోమన్నాను. రసీదు తీసుకున్నాక మళ్లీ చదవమన్నాను. ఆ రసీదు మీద ఉండే URN నంబరుతో మార్పు అయిందా లేదా ఇంట్లోనే చూసుకోవచ్చు. మా ఊళ్లో చాలామంది ఆ రసీదుని బస్ టికెట్‌లా పడేస్తారు. నేను దాన్ని స్కాన్ చేసి వాళ్ల ఫోన్‌కే పంపుతాను.

కొన్నాళ్లకి మార్పు అయినట్టు మెసేజ్ వచ్చింది. ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేసి, పాత పాస్‌వర్డ్ కొడితే ఫైలు తెరుచుకోలేదని స్రవంతి పరుగెత్తుకుంటూ వచ్చింది. మార్పు తప్పయిందేమో అని టెన్షన్. తప్పు కాదు. ఆ ఫైలు పాస్‌వర్డ్ అంటే పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, ఆ పక్కన పుట్టిన సంవత్సరం. ఇదివరకు GADD2006, ఇప్పుడు సంవత్సరం మారింది కాబట్టి GADD2007. అది కొట్టగానే తెరుచుకుంది. పుట్టిన తేదీ నిజంగా మారిందనడానికి అదే గుర్తు కూడా.

ఆధార్ సరయ్యాకే బ్యాంకు జోలికి పోయాం. ఈ వరుస తప్పితే పని రెండుసార్లు చేయాలి. ముందే బ్యాంకులో పేరు మార్పిద్దామంటే వాళ్లు అడిగేది ఆధారే. కొత్త ఆధార్ కాపీతో కేవైసీ మార్చుకున్నాక పాస్‌బుక్‌లో పూర్తి పేరు పడింది. కానీ స్కాలర్‌షిప్ డబ్బు విషయంలో చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఖాతాకి ఆధార్ నంబరు ఎక్కించడం వేరు, ప్రభుత్వం పంపే డబ్బు ఆ ఖాతాకే వచ్చేలా, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐలో మ్యాపింగ్ ఉండటం వేరు. ఒక మనిషికి ఎన్ని ఖాతాలున్నా, ఆధార్ మీద వచ్చే డబ్బు మ్యాపింగ్ ఉన్న ఒక్క ఖాతాకే పోతుంది. ఆ అమ్మాయి ఫోన్‌లోనే మైఆధార్ సైట్‌లో Bank Seeding Status తెరిచి చూశాం. స్కూల్లో ఉన్నప్పుడు తెరిచి ఏళ్ల తరబడి ముట్టుకోని ఇంకో బ్యాంకు పేరు చూపించింది. ఆ ఖాతా ఉన్న సంగతే వాళ్లకి గుర్తులేదు. ఇప్పుడున్న బ్యాంకు బ్రాంచిలో ఆధార్ సీడింగ్ సమ్మతి ఫారం ఉంటుంది. అందులో కొత్తగా సీడింగ్ చేయాలా, వేరే బ్యాంకు నుంచి మార్చాలా అని అడిగే చోట "మార్చాలి" అన్నదానికి టిక్కు పెట్టి, పాత బ్యాంకు పేరు రాసి ఇచ్చాం. తర్వాత మళ్లీ చూస్తే మారింది. "డబ్బులు మంజూరైనయట గానీ మా ఖాతాలో పడలే" అని వచ్చేవాళ్లలో ఎక్కువమంది సమస్య ఇక్కడే ఉంటుంది. దానికి తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగితే లాభం లేదు.

ఇక సర్టిఫికెట్లు. కులం సర్టిఫికెట్‌కి ప్రతి ఏడాదీ కొత్తగా దరఖాస్తు పెట్టేవాళ్లు ఉన్నారు, ఆ అవసరం లేదు. మీసేవలో ఇచ్చిన కులం, నివాసం, పుట్టిన తేదీ సర్టిఫికెట్ మీద CND తో మొదలయ్యే నంబరు ఉంటుంది. అది దొరికితే ఉన్నదాన్నే మళ్లీ ప్రింటు తీసుకోవచ్చు, ఎంక్వైరీ ఉండదు. అందుకే పాత జిరాక్స్ నలిగిపోయినా సరే పడేయొద్దు, నంబరు కనిపిస్తే చాలు అంటాను. స్రవంతి దగ్గర అది ఉంది. కొత్తగా కావాల్సింది ఆదాయం సర్టిఫికెట్ ఒక్కటే.

ఆదాయం దగ్గర నాకూ, వచ్చేవాళ్లకీ ప్రతిసారీ కొంచెం వాదన నడుస్తుంది. "ఎంత తక్కువైతే అంత రాయి" అంటారు. నేను రాయను. ఆ ఫారం కింద ఉండేది స్వీయ ప్రకటన, సంతకం వాళ్లది. గిర్దావర్ ఎంక్వైరీకి వచ్చి పక్కింటివాళ్లని అడిగినప్పుడు, అందరి ఫారాల్లోనూ ఒకే అంకె కనిపిస్తే నిజంగా పేదవాళ్ల దరఖాస్తు కూడా అనుమానంలో పడుతుంది. అసలు అంత భయం అక్కర్లేదని లెక్క వేసి చూపిస్తాను. స్రవంతి వాళ్ల నాన్న ఏడాదిలో ఎన్ని రోజులు పనికి పోతాడని అడిగాను. నాట్లు, కోతల సీజన్లు కలిపి 150 రోజులు, రోజుకి 500. అంటే 75,000. అమ్మకి బీడీల మీద నెలకి 4,000 లెక్కన 48,000. మొత్తం 1,23,000. ఈపాస్‌లో బీసీలకి పల్లెల్లో పరిమితి ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. నిజం రాసినా పరిమితి లోపలే ఉన్నారు. వాళ్లమ్మ ఆ కాగితం చేతిలోకి తీసుకొని రెండుసార్లు చూసుకుంది. తను ఏడాదికి అంత సంపాదిస్తున్నట్టు ఎవరూ అంకె వేసి చూపించలేదట.

ఆ ఫారంలో అమ్మాయి పేరు మెమోలో ఉన్నట్టే, తండ్రి పేరు కూడా మెమోలో ఉన్నట్టే రాశాను. తండ్రి పేరు దగ్గర మా వైపు ఎక్కువ తేడాలు వస్తాయి. ఊళ్లో అందరూ పిలిచేది ఒకటి, కార్డులో ఉండేది ఒకటి. అదృష్టవశాత్తూ ఇక్కడ కలిశాయి. మీసేవలో 45 రూపాయలు కట్టి వచ్చారు. ఆ రసీదు మీద IC తో మొదలయ్యే నంబరుతో దరఖాస్తు ఎక్కడుందో చూడొచ్చు. రోజులు గడుస్తున్నా కదలకపోతే ఊరికే ఎదురుచూడొద్దనీ, రసీదు పట్టుకొని ఆఫీసుకి పోయి ఎవరి దగ్గర ఆగిందో అడగాలనీ చెప్తాను. వీళ్లది ఒకసారి అడిగాక కదిలింది.

ఇవన్నీ చేతికొచ్చాక telanganaepass.cgg.gov.in తెరిచాం. ఆ రోజు పని నిజంగా తేలిక. పదో తరగతి హాల్ టికెట్ నంబరు, ఆధార్, సర్టిఫికెట్ల నంబర్లు, కాలేజీ, కోర్సు, బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్. ఖాతా నంబరు మాత్రం నేను టైప్ చేశాక పాస్‌బుక్ చూస్తూ స్రవంతితోనే పైకి చదివించాను, నేను స్క్రీన్ చూశాను. ఎంత తెలిసిన పనైనా ఈ ఒక్క నంబరు ఇద్దరు చూడందే సబ్మిట్ కొట్టను. ప్రింట్ తీసి, జిరాక్సులు జతచేసి, కాలేజీలో ఇవ్వమన్నాను. ఆన్‌లైన్‌లో పెట్టగానే అయిపోయిందనుకొని ఆ ప్రింటు ఇంట్లో పెట్టుకునే పిల్లలు చాలామంది. కాలేజీ వాళ్లు చూసి ముందుకు పంపితేనే అది సంక్షేమ శాఖ అధికారి దాకా పోతుంది.

ఈ పనికి ఎంత తీసుకోవాలన్నది కొత్తగా పెట్టేవాళ్లు నన్ను తరచుగా అడుగుతారు. నేను గోడ మీద రెండు వరుసలు రాసి పెట్టాను: ప్రభుత్వ చార్జీ ఒకటి, నా కూలి ఒకటి. రెండూ కలిపి ఒక అంకె చెప్తే జనం అదంతా సర్కారు ఫీజే అనుకుంటారు, అది మోసం కిందే లెక్క. యువత స్వయం ఉపాధికి సాయం చేసే రాజీవ్ యువ వికాసం దరఖాస్తుల రద్దీలో, 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో, ఎంత అడిగినా ఇచ్చేలా ఉన్నారు. రేటు పెంచలేదు. రేషన్ కార్డు ఉన్నవాళ్లకి ఆ పథకానికి ఆదాయం సర్టిఫికెట్ అక్కర్లేదని చెప్పి పంపేశాను. దాంతో ఆ రోజు వచ్చే కూలి పోయింది. కానీ అప్పుడు అలా వెనక్కి పోయినవాళ్లే తర్వాత తమ పిల్లల్ని తీసుకొని వచ్చారు.

ఇంకో విషయంలో నేను చాలా గట్టిగా ఉంటాను. ఓటీపీ వాళ్ల ఫోన్‌లోనే వాళ్లే చూసి చెప్పాలి, ఫోన్ నా చేతికి తీసుకోను. నా నంబరు ఎవరి దరఖాస్తులోనూ ఇవ్వను. మొదట్లో చాలామంది "నీ నంబరే పెట్టు బిడ్డా, మాకు చూసుడు రాదు" అన్నారు. అలా పెడితే మంజూరైన మెసేజ్, రిజెక్ట్ అయిన మెసేజ్ అన్నీ నాకు వస్తాయి, వాళ్ల కాగితాల తాళంచెవి నా దగ్గర ఉన్నట్టవుతుంది. రేపు నేను పెళ్లై ఈ ఊరు దాటి పోతే వాళ్లేం చేయాలి? పాస్‌వర్డ్‌లు వాళ్ల పాస్‌బుక్ సైజు నోట్‌బుక్‌లో, వాళ్ల చేత్తో లేదా వాళ్ల పిల్లల చేత్తో రాయిస్తాను. స్కాన్ చేసిన ఆధార్లు, సర్టిఫికెట్లు పని అయ్యాక వాళ్ల ఎదుటే ల్యాప్‌టాప్‌లోంచి తీసేస్తాను. పాడైన జిరాక్సులు చింపకుండా బయట పడేయను.

నేను చేయలేనివీ ఉన్నాయి. స్రవంతి మెమోలోనే తప్పుండి ఉంటే ఆ ఏడాది నా దగ్గర మందు లేదు. అలాంటి పిల్లలు నిజంగానే వస్తారు. ఇంట్లో పిలిచే పేరో, ఇంటి పేరు లేని పేరో మెమోలో పడిపోయి ఉంటుంది. వాళ్లని స్కూలుకి పంపి, అడ్మిషన్ రిజిస్టర్ చూపించమని అడిగి, హెడ్మాస్టర్ ద్వారా దరఖాస్తు పెట్టించడం వరకే నా చేతిలో ఉంది. ఆలోపు ఫీజు రీయింబర్స్‌మెంట్ గడువు దాటిపోతే కాలేజీ ఫీజు ఇంటి మీద పడుతుంది. ఇంటి పరిస్థితి బాగాలేక చదువు ఆపేసినవాళ్లని కూడా చూశాను. ఒక అక్షరం కోసం అలా జరగడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అందుకే పోయినేడాది మా హైస్కూల్ సార్లని అడిగి, పదో తరగతి పరీక్ష రాసే పిల్లల జాబితా, అంటే నామినల్ రోల్స్, బోర్డుకి పంపేలోపు పిల్లల పేర్లు సరిచూసే పనికి కూర్చున్నాను. ఒక్కొక్కరి ఆధార్, అడ్మిషన్ రిజిస్టర్ పక్కపక్కన పెట్టి, పిల్లల పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ నాలుగూ చదివించాను. తేడా ఉన్నవాళ్ల ఇంటికి చీటీ పంపించారు సార్లు. కొందరికి ఆధార్ మార్పించాం, ఇద్దరు ముగ్గురికి రిజిస్టర్లోనే రాసేటప్పుడు పొరపాటు జరిగిందని తేలితే, సార్లు పుట్టిన సర్టిఫికెట్ చూసి దిద్దారు. మెమో అచ్చయ్యాక అయితే దానికే నెలలు పట్టేది. ఈసారి తొమ్మిదో తరగతి పిల్లలవి కూడా ముందే చూద్దామని సార్లతో మాట్లాడాను. దసరా సెలవులు అయిపోగానే రిజిస్టర్ ఇస్తామన్నారు.